ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులొస్తోంది? పదో తరగతి పిల్లలకు గుండె పాఠం ఇలా చెప్పొచ్చు!

గుండె జబ్బుల గురించి పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పాలంటే చాలా చోట్ల ఒకటే పద్ధతి. బోర్డు మీద గుండె బొమ్మ గీసి, కింద "నూనె తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, వ్యాయామం చేయాలి" అని రాస్తారు. పిల్లలు దాన్ని నోట్స్‌లోకి ఎక్కించుకుంటారు. కానీ ఇంట్లో ఏదీ మారదు. ఎందుకంటే ఎంత తింటున్నారో తెలియకుండా ఎంత తగ్గించాలో ఎవరికీ అర్థం కాదు.

కేంద్ర ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమంలో ఆరోగ్యకరమైన జీవనశైలి కూడా ఒక అంశం. ఈ అంశాన్ని మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్ లాంటి సింగరేణి ఊళ్లో ఎలా చెబితే పిల్లలకు ఎక్కుతుంది? అందుకు ల్యాబ్ అక్కర్లేదు. వంటింట్లో ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్ చాలు.

ఉప్పుకు, గుండెకు సంబంధం ఏంటి?

ఉప్పులో ఉండే సోడియం శరీరంలో నీటిని పట్టి ఉంచుతుంది. దాంతో రక్తనాళాల్లో తిరిగే ద్రవం పెరుగుతుంది, నాళాల గోడల మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. అదే బీపీ. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే నాళాలు గట్టిపడతాయి. ఆ ఒత్తిడికి ఎదురుగా పంప్ చేసీ చేసీ గుండె కండరం మందమవుతుంది. హార్ట్ ఎటాక్, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి ఆ తర్వాత వచ్చేవే. అసలు చిక్కు ఏంటంటే, బీపీ పెరిగినా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. మనిషి డ్యూటీకి వెళ్తూనే ఉంటాడు, బాగానే ఉన్నాననుకుంటాడు.

కిలో ప్యాకెట్ లెక్క ఇదీ..

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక టీ స్పూన్. కూరలోది, తొక్కులోది, బయట తిన్న మిర్చి బజ్జీలోది, అన్నీ కలిపి ఇంతే. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ.

ఉదాహరణకు ఇంట్లో నలుగురు ఉన్నారనుకుందాం. మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. కానీ ఆ ఇంట్లో అది 30 రోజులకే ఖాళీ అయిందనుకోండి. వెయ్యిని 30తో భాగిస్తే రోజుకు 33 గ్రాములు, దాన్ని నలుగురికి పంచితే మనిషికి 8 గ్రాములు దాటుతోంది. మన దేశంలో సగటు వాడకం కూడా రోజుకు దాదాపు 8 గ్రాములేనని ఐసీఎంఆర్ జాతీయ సర్వే లెక్క తేల్చింది.

క్లాసులో చేయాల్సిన పని చిన్నదే. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయాలి. ఖాళీ అయిన రోజు లెక్క కట్టాలి. ఫలితం రావడానికి నెల పైనే పడుతుంది కాబట్టి టీచర్ ఈ పాఠాన్ని రెండు పీరియడ్లుగా విడగొట్టుకోవాలి. తేదీ రాయించే రోజు ఒకటి, లెక్కలు చూసే రోజు ఇంకొకటి.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఎండాకాలంలో మామిడికాయ తొక్కు పెట్టిన నెలలో ఉప్పు ఒక్కసారిగా అయిపోతుంది. ఆ ఉప్పు ఏడాదంతా తినేది కాబట్టి ఆ నెల లెక్క పనికిరాదు, తొక్కుకు వేరే ప్యాకెట్ వాడాలి. పండక్కి సకినాలు, అప్పాలు చేసినా, చుట్టాలు వచ్చి నాలుగు రోజులు ఉన్నా ఇదే సమస్య. అక్క హాస్టల్‌లో ఉంటే మనుషుల లెక్కలోంచి తీసేయాలి. నాన్న గనికి పట్టుకెళ్లే టిఫిన్ బాక్స్ మాత్రం ఇంటి లెక్కలోదే.

మరోవైపు, చిప్స్, మిక్చర్, నూడుల్స్‌లో ఉప్పు ఈ ప్యాకెట్ లెక్కలోకి రాదు. దానికి కవర్ వెనకాల చూడాలి. అక్కడ ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉంటే, 25 గ్రాముల చిన్న ప్యాకెట్‌లో ఉండేది 200 మిల్లీగ్రాములు. అంటే అర గ్రాము ఉప్పు. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. 100 గ్రాముల అంకెనే తమ ప్యాకెట్ అంకె అనుకుంటారు, లేదంటే సోడియమే ఉప్పు అనుకుంటారు.

బీపీ చూడటం కూడా పాఠమే

రెండో పీరియడ్‌లో బీపీ మిషన్ ఉంటే, వైద్య సిబ్బందిని పిలిచి టీచర్‌కు చూసి చూపించవచ్చు. చూసే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి, మాట్లాడకూడదు. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ ఉండకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మెట్లెక్కి వచ్చీ రాగానే చూస్తే అంకె ఎక్కువే చూపిస్తుంది, దాన్ని జబ్బు అనుకోవద్దు. పెద్దవాళ్లలో వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటేనే హైబీపీగా లెక్కేస్తారు.

ఇక్కడ టీచర్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎవరింట్లో ఎంత ఉప్పు, ఎవరి నాన్నకు ఎంత బీపీ అని క్లాసులో చదివించకూడదు. లావుగా ఉన్న పిల్లల్ని ఉదాహరణగా నిలబెట్టకూడదు. అలా చేస్తే తర్వాతి లెక్కలో పిల్లలు నిజం రాయరు.

షిఫ్టుల ఇల్లు అయితే?

మొదటి షిఫ్ట్, రెండో షిఫ్ట్, నైట్ షిఫ్ట్ మారుతూ ఉండే ఇళ్లలో నిద్ర, తిండి వేళలు కుదురుగా ఉండవు. ఏళ్లపాటు నైట్ షిఫ్టులు చేసేవాళ్లకు గుండె జబ్బుల ముప్పు కొంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. షిఫ్ట్ మార్చడం పిల్లల చేతిలో లేదు. కానీ గని కార్మికులకు నిర్ణీత కాలానికి జరిగే వైద్య పరీక్షల కాగితాల్లో బీపీ ఎంత ఉందో నాన్నను అడగొచ్చు. ఇంట్లో అమ్మకు మాత్రం అలాంటి పరీక్ష ఏదీ ఉండదు. ఆమెను దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లి బీపీ చూపించాలి.

"చెమట పోస్తది, ఉప్పు తినాలె" అనే మాట గనుల దగ్గర తరచూ వినిపిస్తుంది. చెమటతో ఉప్పు పోయే మాట నిజమే. అయితే బీపీ గోళీలు వాడేవాళ్లు ఆ మాట మీద సొంతంగా ఉప్పు పెంచుకోకూడదు, డాక్టర్‌ను అడగాలి. అలాగే ఉప్పు తగ్గించాం కదా అని గోళీలు మానేయకూడదు. బీపీ నార్మల్‌గా కనిపించేది ఆ గోళీ వల్లే కావచ్చు. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ చెప్పకుండా అది వాడొద్దు.

ఒక్కసారిగా 50 రోజులకు చేరాల్సిన పనిలేదు. పైన చెప్పిన ఇంట్లో 30 రోజులొచ్చే ప్యాకెట్ 35 రోజులొస్తే మనిషికి రోజుకు గ్రాముకు పైగా తగ్గినట్టే. అన్నంలో, మజ్జిగలో పైన చల్లుకునే ఉప్పు మానేసి, ఉప్పు డబ్బాను తినే చోటు నుంచి వంటింట్లోకి మార్చడం మొదటి మెట్టు. రుచి మొదట చప్పగా అనిపించినా కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. తేడా వచ్చిందా లేదా అన్నది తర్వాతి ప్యాకెట్ మీద రాసిన తేదీయే చెబుతుంది.