ఐదు మిల్లీమీటర్ల మచ్చ, ఏడాది గడువు

స్కానింగ్ కవరు చేతికి రాగానే అందరూ ఫిల్ములు పక్కన పెట్టి కాగితం తీస్తారు. దాన్నీ మొదటి నుంచి చదవరు. కింద 'ఇంప్రెషన్' అని ఉన్నచోటికే చూపు పోతుంది. ఆ కాగితాలు రాసే రేడియాలజిస్టుల్లో నేనొకదాన్ని. మేం రాసేది వైద్యం చేసే డాక్టరు కోసం. కానీ అది ఆయన బల్ల మీదికి చేరేలోపే ఇంటిల్లిపాదీ చదివేస్తారు, ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు.

రిటైరైన ఒక ఆర్టీసీ కండక్టర్ గారి రిపోర్టు గురించి చెబుతాను. ఆయన వయసు 61. ఇరవై ఏళ్లు బీడీలు తాగి, పదేళ్ల కిందట మానేశారు. రెండు నెలలుగా పొడిదగ్గు వదలకపోతే డాక్టరు ఛాతీ సీటీ తీయించారు. ఇంప్రెషన్‌లో నేను మూడు విషయాలు రాశాను. అజైగస్ లోబ్, నార్మల్ వేరియంట్. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఫైబ్రోటిక్ చారలు, కోరిలేట్ క్లినికల్లీ. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో 5 మిల్లీమీటర్ల నాడ్యూల్, ఫాలో-అప్ అడ్వైజ్డ్. మర్నాడు పొద్దున్నే వాళ్లబ్బాయి కాగితం పట్టుకుని వచ్చాడు. "మేడమ్, నాన్నకి ఒకేసారి మూడు జబ్బులా?" అన్నాడు.

మొదటిది జబ్బే కాదు. తల్లి కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు అజైగస్ అనే సిర కుడి ఊపిరితిత్తి శిఖరం మీదుగా జరిగి తన చోటికి చేరుతుంది. నూటికి ఒకరిలోనో అంతకన్నా తక్కువమందిలోనో అది పైనుంచి జారకుండా ఊపిరితిత్తిని చీల్చుకుంటూ దిగుతుంది. అలా విడిపడిన చిన్న ముక్కే అజైగస్ లోబ్. మిగతా ఊపిరితిత్తిలాగే అదీ గాలి పీల్చి వదులుతుంది. దానికి మందు లేదు, మళ్లీ స్కాన్ అక్కర్లేదు. మరి రాయడమెందుకంటే, రేపు ఇంకెవరైనా ఎక్స్‌రేలో ఆ సన్నని వంపు గీత చూసి ఇదేదో కొత్తగా వచ్చిందని కంగారు పడకూడదని. అందరికీ ఒకేలా ఉండని ముఖం లాగే లోపలి అవయవాలూ ఉంటాయి. నార్మల్ వేరియంట్ అంటే అంతే.

రెండో మాటే ఎక్కువ అపార్థాలకు గురవుతుంది. కోరిలేట్ క్లినికల్లీ అని చూస్తే, రేడియాలజిస్టుకు తేలక తప్పించుకున్నారని కొందరు అనుకుంటారు. బొమ్మ చెప్పగలిగింది అక్కడితో ఆగిందనీ, మిగతాది మనిషిని అడిగి, పరీక్షించి తేల్చుకోమనీ దాని అర్థం. ఊపిరితిత్తి పైభాగంలో చారలుంటే మన దేశంలో ముందుగా గుర్తొచ్చేది టీబీ. అది ఎప్పుడో వచ్చి మానిన గాయపు మచ్చా, ఇప్పుడు మళ్లీ రాజుకుంటున్నదా? ఒక్క రోజు తీసిన బొమ్మలో ఇవి రెండూ కొన్నిసార్లు ఒకేలా కనిపిస్తాయి. నా ముందున్న రిక్వెస్టు కాగితంలో 'దగ్గు' అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు.

ఆయన డాక్టరు ఆ మిగతా సగం పూర్తి చేశారు. సాయంత్రాలు జ్వరం వస్తోందా, బరువు తగ్గారా అని అడిగితే లేదన్నారు. ముప్పై ఏళ్ల కిందట టీబీకి పూర్తి కోర్సు మందులు వాడినట్టు అప్పుడు బయటికొచ్చింది. కళ్లె పరీక్షలోనూ టీబీ క్రిమి దొరకలేదు. అప్పుడు డాక్టరు మాత్రల సంచీ తెరిపించారు. దగ్గు మొదలవడానికి కొన్ని వారాల ముందు బీపీ మాత్ర మార్చారట, అది రామిప్రిల్. ఆ తరగతి మాత్రలు కొందరిలో గొంతులో గీరినట్టు ఉండే పొడిదగ్గు తెప్పిస్తాయి. మాత్ర మార్చారు. దగ్గు పూర్తిగా తగ్గడానికి దాదాపు నెల పట్టింది. ఏ స్కానూ ఆ కారణాన్ని చూపించలేదు. అందుకే ఈ మాట ఉన్న కాగితాన్ని పట్టుకుని మరో స్కానింగ్ సెంటర్‌కు వెళితే లాభం ఉండదు. పాత జబ్బులు, వాడుతున్న మాత్రలు అన్నీ తెలిసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇక నిద్ర చెడగొట్టిన మూడోది. నాడ్యూల్ అంటే చిన్న గుండ్రటి మచ్చ. టీబీ ఎక్కువగా ఉన్న మన దగ్గర చాలా నాడ్యూల్స్ ఎప్పటివో మానిన ఇన్‌ఫెక్షన్ల గుర్తులు. ఎక్కడో ఒకటి మాత్రం క్యాన్సర్‌కు మొదలు కావచ్చు. "అయితే ఇప్పుడే పెట్ స్కానో, ముక్క తీసి పరీక్షో చేయించొచ్చుగా? ఏడాది ఆగమంటారేంటి?" అన్నాడు అబ్బాయి. ఆ కోపంలో న్యాయముంది. అయితే ఎనిమిది మిల్లీమీటర్ల లోపు మచ్చల్ని పెట్ స్కాన్ నమ్మకంగా పట్టలేదు. కందిగింజంత మచ్చకు సూది తగిలించడమూ కష్టమే, ఊపిరితిత్తికి ప్రమాదమూ ఉంది.

అలాంటప్పుడు నమ్మకంగా చెప్పగలిగేది కాలమే. ఊపిరితిత్తుల్లో పెరిగే గట్టి క్యాన్సర్ గడ్డ రెట్టింపు కావడానికి సాధారణంగా 100 నుంచి 400 రోజులు పడుతుంది. గుండ్రటి వస్తువు రెట్టింపయినా అడ్డుకొలత నాలుగో వంతే పెరుగుతుంది, అంటే 5 మిల్లీమీటర్లది 6.3 అవుతుంది. వంద రోజులకు రెట్టింపయ్యేదాన్ని నెల తర్వాత మళ్లీ తీస్తే 5.4 కూడా దాటదు. ఒకే మచ్చను రెండుసార్లు కొలిస్తేనే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా రావడం మామూలు. కాబట్టి తొందరపడి తీసిన స్కాన్‌లో పెరుగుదల ఉన్నా తెలియదు. అదే ఏడాదికి పదకొండు దాటుతుంది, ఎవరి కంటికైనా ఆనుతుంది. నెమ్మదిగా పెరిగేది ఏడాది తర్వాతా అనుమానంగానే మిగలొచ్చు.

ఫ్లైష్నర్ సొసైటీ అనే అంతర్జాతీయ ఛాతీ నిపుణుల సంఘం 2017లో సవరించిన సూచనలు ఇలాంటి లెక్కల మీదే నడుస్తాయి. ఆరు మిల్లీమీటర్ల లోపు గట్టి నాడ్యూల్ ఒక్కటే ఉండి, ముప్పు తక్కువైన వ్యక్తి అయితే మళ్లీ స్కానే అక్కర్లేదు. పొగ తాగినవాళ్లకు పన్నెండు నెలలకు ఒకసారి చూడొచ్చు. ముప్పై ఐదేళ్ల లోపువాళ్లకు, ఇదివరకే క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. కఫంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆ తేదీ దాకా ఆగకూడదు.

ఇవన్నీ చెప్పాక నా రిపోర్టులో అతను చదవకుండా వదిలేసిన ఒక వాక్యం చూపించాను. పోల్చడానికి పాత స్కాన్లు అందుబాటులో లేవని అందులో ఉంది. "పాతవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "2021లో, కరోనా రెండో వేవ్‌లో నాన్నకి సీటీ తీశారు మేడమ్" అన్నాడు. అప్పట్లో మన ఊళ్లలో లెక్కలేనంతమందికి ఛాతీ సీటీ తీశారు. ఆ సీడీలు ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి, ఎవరూ బయటికి తీయడం లేదు.

సాయంత్రానికి సీడీ తెచ్చాడు. రెండు స్కాన్లనూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టాను. ఎడమ కింది భాగంలో అదే చోట అదే మచ్చ, అప్పుడూ 5 మిల్లీమీటర్లే. పై చారల్లోనూ రవ్వంత మార్పు లేదు. గట్టి నాడ్యూల్ రెండేళ్లు పెరగకుండా ఉంటే హానిలేనిదిగా లెక్కిస్తాం. ఇది అంతకన్నా ఎక్కువ కాలమే అలాగే ఉంది. రిపోర్టు కింద ఒక అడెండం చేర్చాను: 2021 నాటి సీటీతో పోల్చగా మార్పు లేదు, తదుపరి స్కాన్ అవసరం లేదు. ఆ అబ్బాయి కొత్త కాగితాన్ని అక్కడే నిలబడి మొదటి వాక్యం నుంచి చదివాడు.