ఫనెల్ ప్లాట్‌లో కనబడని చుక్కల సంగతి

సిస్టమాటిక్ రివ్యూ ఓపెన్ చేస్తే చివర్లో ఎక్కడో బోర్లించిన గరాటులాంటి బొమ్మ ఒకటి ఉంటుంది. చాలా రోజులు నేను దాన్ని స్క్రోల్ చేసేసి వెళ్లిపోయేవాణ్ణి. దాని పేరే ఫనెల్ ప్లాట్.

అందులో ఒక్కో చుక్క ఒక్కో స్టడీ. అడ్డంగా మందు ప్రభావం ఉంటుంది. మనం చావులు లెక్కపెడుతున్నాం అనుకోండి, ఆడ్స్ రేషియో 1 దగ్గర ఉంటే తేడా లేనట్టు, దానికి ఎడమవైపు ఉంటే మందు కాపాడినట్టు. నిలువుగా స్టాండర్డ్ ఎర్రర్ ఉంటుంది, అంటే ఆ అంచనా ఎంత ఊగిసలాడుతుందో చెప్పే కొలత. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఈ స్కేల్ తిరగేసి ఉంటుంది, సున్నా పైన! అందుకే పెద్ద స్టడీలు పైన, చిన్నవి కింద.

చిన్న స్టడీలో నలుగురైదుగురు అటూఇటూ అయినా ఫలితం మారిపోతుంది. కాబట్టి కింద చుక్కలు ఎడమకీ కుడికీ చెల్లాచెదురుగా పడాలి. పైకి వెళ్లేకొద్దీ దగ్గరపడాలి. మరి కింద కుడి మూల ఖాళీగా ఉంటే? మందు పనిచేయలేదన్న చిన్న స్టడీలు అచ్చవకుండా ఆగిపోయాయేమో అని అనుమానించాలి.

నిజంగా జరిగిన కథ చెప్తాను. గుండెపోటు వచ్చినవాళ్లకి సెలైన్‌లో మెగ్నీషియం ఇస్తే బతుకుతారా? 1991లో ఏడు చిన్న ట్రయల్స్ కలిపి చూస్తే, చావు ఆడ్స్ సగానికి పైగా తగ్గినట్టు వచ్చింది. 1992లో 2,316 మందితో చేసిన లిమిట్-2 కూడా మేలే అంది. 1995లో ఐసిస్-4 వచ్చింది, 58,050 మంది! మెగ్నీషియం తీసుకున్నవాళ్లలో 7.64 శాతం, తీసుకోనివాళ్లలో 7.24 శాతం చనిపోయారు. మేలు మాయం. 1997లో ఎగర్, ఆయన సహచరులు బీఎంజేలో ఈ మెగ్నీషియం ట్రయల్స్ ఫనెల్ ప్లాట్ చూపించారు. గరాటు ఒకవైపుకి ఒరిగిపోయింది. మేలు చూపించని చిన్న ట్రయల్స్ ఉండాల్సిన చోటు వెలితిగా ఉంది.

అయితే ఒరిగిందని వెంటనే "దాచేశారు" అనకండి. చిన్న ట్రయల్స్ సరిగ్గా చేయకపోయినా, వాటిలో పేషెంట్లు వేరే రకంవాళ్లైనా గరాటు ఒరుగుతుంది. మెగ్నీషియం విషయంలోనూ ఐసిస్-4లో దాన్ని ఆలస్యంగా ఇచ్చారని వాదించినవాళ్లున్నారు. పది స్టడీల కంటే తక్కువుంటే అసలు ఆకారం గురించి మాట్లాడకపోవడమే మంచిది, కాకతాళీయంగానే వంకరగా కనిపిస్తుంది.

కొన్ని ప్లాట్లలో పీ-వాల్యూ ప్రకారం రంగు పట్టీలు వేస్తారు. నాకైతే అవే ఎక్కువ ఉపయోగం. ఖాళీ ఉన్న చోటు "తేడా తేలలేదు" అనే పట్టీలో పడితే పబ్లికేషన్ బయాస్ అనుమానం బలపడుతుంది. గట్టిగా తేడా తేలిన పట్టీలో ఖాళీ ఉంటే మాత్రం కారణం వేరే చోట వెతకాలి, ఎందుకంటే అలాంటి ఫలితాలు మామూలుగా అచ్చయిపోతాయి కదా.