చూపని ప్రకటన చెప్పే లెక్క

జగ్గయ్యపేటలో ఒక బట్టల కొట్టు వైశాఖంలో ఫేస్‌బుక్ ప్రకటన వేసిందనుకుందాం. గురిపెట్టిన లక్షమందిలో చైత్రంలో కొన్నవాళ్లు 600, వైశాఖంలో 940. ప్రకటన 340 మందిని తెచ్చిందని యజమాని సంబరపడతాడు. కానీ వైశాఖమంటే పెళ్లి ముహూర్తాలు, వేదాద్రి నరసింహస్వామి కల్యాణం, మిర్చి అమ్మిన డబ్బు చేతిలో ఆడే రోజులు. వీటిలో దేని వాటా ఎంతో ముందూవెనకా పోలిక చెప్పలేదు.

కన్వర్షన్ లిఫ్ట్ పరీక్ష ఇక్కడే తెలివి చూపిస్తుంది. ఆ లక్షమందిని ముందే లాటరీ పద్ధతిలో సగానికి విడదీస్తారు: ఒక సగానికి ప్రకటన కేటాయిస్తారు, రెండో సగం కంట్రోల్ గ్రూపు. ఎవరైనా ఫేస్‌బుక్ తెరిచినప్పుడల్లా తెర మీద చోటు కోసం ప్రకటనల మధ్య క్షణంలో వేలం జరుగుతుంది. కంట్రోల్ గ్రూపు మనిషి దగ్గర మన కొట్టు ప్రకటన గెలిస్తే, దాన్ని పక్కకు తీసి వేలంలో రెండో స్థానంలో ఉన్నదాన్ని చూపిస్తారు. అంటే కొట్టు అసలు ప్రకటనే వేయకపోతే ఆ మనిషి ఏం చూసేవాడో సరిగ్గా అదే చూస్తాడు. ముహూర్తాలూ, మిర్చి డబ్బూ రెండు గుంపులకూ సమానమే.

నెలాఖరుకి బిల్లుల మీది ఫోన్ నంబర్లను ఖాతాలతో సరిచూస్తారు. ప్రకటనకు కేటాయించిన 50,000 మందిలో 500 మంది కొన్నారు, కంట్రోల్‌లో 440 మంది. ప్రకటన తెచ్చింది 60 మందిని.

ఇక్కడో మెలిక ఉంది. ఆ 50,000 మందిలో ప్రకటన నిజంగా కంటపడింది 20,000 మందికే. వాళ్లలో 300 మంది కొన్నారు, చూడని 30,000 మందిలో 200 మంది. శాతాల్లో 1.5, 0.67. చూస్తే రెట్టింపుకు పైగా కొంటారని పొరబడతాం. నిజానికి ఫోన్ ఎక్కువ చూసేవాళ్లు, చీరల పేజీలు తిరగేసేవాళ్లు మొదటినుంచీ కొనే రకం. అందుకే చూసినవాళ్లను విడిగా పోల్చకుండా గుంపు మొత్తాన్ని గుంపు మొత్తంతో పోల్చి, వచ్చిన 60ని చూసినవాళ్ల లెక్కలో పెడతారు. ప్రకటన లేకున్నా ఆ 300లో 240 మంది కొనేవారే. అసలు పెరుగుదల 25 శాతం.

అమెరికాలో ఫేస్‌బుక్‌పై జరిగిన 15 ప్రయోగాలను గోర్డన్, జెటల్‌మేయర్, భార్గవ, చాప్‌స్కీ పరిశీలించారు. 2019లో వెలువడిన ఆ అధ్యయనంలో, ప్రయోగం లేకుండా గణాంక సర్దుబాట్లతో లాగిన అంచనాలు తరచూ అసలు ఫలితానికి దూరంగా తేలాయి.

పరీక్షకీ హద్దుంది. రెండు గుంపుల్లో కొన్నవాళ్లు మొత్తం 940, దాని వర్గమూలం సుమారు 31. ప్రకటన పనే చేయకపోయినా గుంపుల మధ్య అంత తేడా లాటరీలోనే రావచ్చు. 60 అంటే దానికి దాదాపు రెట్టింపు, నమ్మదగ్గ తేడాకు అంచు మీద నిలబడినట్టే. నందిగామలో చిన్న కొట్టుకి 50, 44 వస్తే లెక్క ఏమీ చెప్పదు, ఎందుకంటే అక్కడ యాదృచ్ఛిక తేడాయే సుమారు 10.

ఇంకో చిక్కు వాట్సాప్. చీర ఫొటో చూసిన ఆవిడ దాన్ని కంట్రోల్‌లో ఉన్న వదినకు పంపితే, వదిన కొన్న చీర కంట్రోల్ ఖాతాలో పడి తేడా తగ్గుతుంది. దానికి విరుగుడుగా మనుషుల బదులు ఊళ్లనే విడదీస్తారు. కాకపోతే ఊళ్లు కొన్నే కాబట్టి, గత నెలల అమ్మకాలు కలిసి పెరిగి కలిసి తగ్గిన ఊళ్లనే జతకట్టాలి.