చార్మినార్ రూపాయి: ఫొటో ఎంత చెబుతుంది, తూకం ఎంత చెబుతుంది

తెలంగాణలో పాత పెట్టెలు తెరిస్తే తరచుగా దొరికే వెండి నాణెం నిజాం చార్మినార్ రూపాయి. పెద్దలు దాన్ని హాలీ సిక్కా అనేవారు. ఎవరైనా దాని ఫొటో పంపి “ఇదెప్పటిది, ఎంత వస్తుంది?” అని అడిగితే మొదటి ప్రశ్నకు చాలావరకు ఫొటోతోనే జవాబు దొరుకుతుంది. రెండో దానికి నాణెం చేతిలో ఉండాలి.

ముందు ఫొటో సరిగా ఉండాలి. నాణేన్ని రెండు వైపులా, కెమెరా నిటారుగా పైనుంచి ఉండేలా తీయాలి. ఫ్లాష్ వద్దు. వెలుగు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడితే అక్షరాలు లేచి కనిపిస్తాయి. పక్కన స్కేలు పెట్టడం మరవకూడదు. ఎనిమిదణాల నాణెం మీదా ఇదే చార్మినార్ ఉంటుంది కాబట్టి, కొలత లేని ఫొటోలో అర్ధరూపాయి కూడా రూపాయిలాగే కనబడుతుంది. రూపాయి అడ్డుకొలత దాదాపు 30 మిల్లీమీటర్లు.

ఇక చూడాల్సింది చార్మినార్ నడిమి ద్వారం. అందులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే నాణెం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. ‘ఐన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మీమ్ చిన్న సున్న చుట్టి తోక వదిలినట్టు ఉంటుంది. ఐన్ మన 3 అంకెను అద్దంలో చూసినట్టు ఉంటుంది.

తేదీ హిజ్రీ లెక్కలో ఉంటుంది. లిపి కుడి నుంచి ఎడమకు సాగినా, అంకెలను మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి. ఒక నిలువు గీత, పైన పళ్లున్న రెండు గీతలు, చివర చుక్క కనిపించాయనుకోండి, అది 1330. హిజ్రీ ఏడాది మనదానికన్నా చిన్నది కాబట్టి 1330ని 0.97తో గుణించి 622 కలపాలి. 1912 వస్తుంది. రెండో వైపున పాలనా సంవత్సరం విడిగా ఉంటుంది. ఉస్మాన్ పాలన 1329లో మొదలైంది కనుక 1330కి తోడుగా 2 ఉంటే లెక్క కుదురుతుంది. అక్కడ 9 కనిపిస్తే ఆ నాణేన్ని అనుమానించాల్సిందే.

ఫొటో తేల్చలేనిది తూకం. కంసాలి దగ్గర తూచితే అరగని రూపాయి సుమారు 11.18 గ్రాములు ఉంటుంది. చాలామంది 11.66 గ్రాముల బ్రిటిష్ రూపాయితో పోల్చి, తగ్గింది కాబట్టి నకిలీ అనుకుంటారు. హాలీ రూపాయి తయారీయే అంత. అందులో అసలు వెండి 9.1 గ్రాములు, బ్రిటిష్ రూపాయిలో 10.7. అందుకే ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానంగా చెల్లేవి. తూకం బాగా తేడాగా ఉన్నా, అంచు చుట్టూ అతుకు గీత కనిపించినా, అక్షరాల అంచులు మెత్తబడి ఉపరితలం మీద సన్నని గుంటలున్నా పోతపోసిన నకిలీ కావచ్చు.

అసలుదని తేలాక ధరను నిర్ణయించేది దాని స్థితి. నాణెంలో ఎత్తుగా ఉన్న భాగాలే ముందు అరుగుతాయి. అందుకే సేకర్తలు మినార్ల కొసలు, వాటి అంతస్తుల గీతలు చూస్తారు. గీతలన్నీ విడివిడిగా ఉండి, తొలినాటి మెరుపు చెదరకపోతే చెలామణిలో తిరగని నాణెం కింద లెక్క. రూపం తెలుస్తున్నా గీతలు కలిసిపోతే మధ్యస్థం. తేదీ కూడా చదవలేనంతగా అరిగితే దాదాపు వెండి ధరే.

అరుగుదల కన్నా ఎక్కువ నష్టం ఇంట్లోనే జరుగుతుంది. విభూతితోనో చింతపండుతోనో తోమితే నాణెం తళతళలాడుతుంది కానీ, సన్నని గీతలు పడి, ఏళ్ల తరబడి పట్టిన నలుపు పోతుంది. సేకర్త కోరుకునేది ఆ నలుపునే. ఏటవాలు వెలుగులో ఒకే దిక్కుగా సాగే గీతలు కనిపిస్తే తోమినట్టే. దండలో గుచ్చేందుకు కొక్కెం అతికించి, తర్వాత తీసేసిన నాణేలూ ఎక్కువే. పై అంచు దగ్గర టంకం మచ్చ ఉందేమో చూస్తే అది తెలిసిపోతుంది. అలాంటిదానికి ఎంత అరుదైన తేదీ ఉన్నా ధర బాగా పడిపోతుంది.

కాబట్టి లెక్క వెండి నుంచి మొదలవుతుంది. ఆ రోజు గ్రాము ధరను 9.1తో గుణిస్తే అడుగు ధర వస్తుంది. దానిపైన ఎంత పెరుగుతుందన్నది తేదీ అరుదుతనం, స్థితి కలిసి తేలుస్తాయి. పోల్చాల్సింది అమ్మకానికి పెట్టినవారు అడిగే ధరతో కాదు, అదే తేదీ, అదే స్థితి ఉన్న నాణెం వేలంలో నిజంగా పలికిన ధరతో. ఫొటో చూడగానే లక్షలిస్తామని, ముందు రుసుము కట్టమని అడిగేవారితో బేరమే వద్దు. పాత నాణేలు, నోట్ల పేరిట జరిగే ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.