ఆఫ్లాటాక్సిన్ బొమ్మలో ఆ చివరి జంటగీత

అనంతపురం జిల్లా శింగనమల ప్రాంతంలో వర్షాధారంగా వేరుశనగ వేసే రైతులకు పంట చివరి వారాల్లో వచ్చే బెట్ట కొత్తది కాదు. గింజ ముదిరే దశలో వాన ముఖం చాటేసి, కాయలున్న మట్టి పొర 30 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే, గింజలో తేమ తగ్గి, దానికి సహజంగా ఉండే రక్షణ సన్నగిల్లుతుంది. అప్పుడు నేలలో ఎప్పుడూ ఉండే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గింజలోకి చొరబడి ఆఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు వాటి దాణాలోని వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. దాని నిర్మాణాన్ని 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ కుటుంబంలో అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఆఫ్లాటాక్సిన్ బి1. పుస్తకంలోని దాని బొమ్మను ఫోనుతో ఫొటో తీసుకున్న విద్యార్థికి అది గీతల చిక్కుముడిలా కనిపించవచ్చు గాని, కార్బన్ సమ్మేళనాల గురించి పదో తరగతిలో నేర్చుకున్న కొద్దిపాటి సూత్రాలతోనే దాన్ని పూర్తిగా చదవవచ్చు.

ఇలాంటి బొమ్మల్లో కార్బన్ పరమాణువును అక్షరంతో రాయరు. రెండు గీతలు కలిసే ప్రతి మూలా, ఊరికే ముగిసే ప్రతి గీత కొసా ఒక కార్బన్ అని గుర్తించాలి. ఒక గీత ఏకబంధాన్ని, పక్కపక్కనే ఉన్న రెండు గీతలు ద్విబంధాన్ని సూచిస్తాయి. కార్బన్ ఎప్పుడూ నాలుగు బంధాలు ఏర్పరుస్తుంది కాబట్టి, ఒక మూల దగ్గర కనిపించే బంధాలు నాలుగుకు ఎన్ని తక్కువైతే అక్కడ అన్ని హైడ్రోజన్లు ఉన్నట్టు లెక్క. ఆక్సిజన్‌ను మాత్రం O అని విడిగా రాస్తారు.

బి1 బొమ్మలో ఐదు వలయాలుంటాయి. ఉమ్మడి గోడతో కట్టిన ఇళ్లలాగా పక్క వలయాలు ఒక భుజాన్ని పంచుకుంటాయి. ఆ భుజం కొసల్లోని రెండు మూలలను ఒక్కసారే లెక్కపెట్టాలి. నడుమ ఉన్నది ఆరు కార్బన్ల బెంజీన్ వలయం. దానికి ఆనుకున్న ఆరు మూలల వలయంలో ఒక మూల ఆక్సిజన్ కాగా, కొత్తగా కలిసేవి మూడు కార్బన్లు. ఆ వలయాన్ని ఆనుకుని, అన్నీ కార్బన్లే ఉన్న ఐదు మూలల వలయం ఇంకో మూడింటిని చేరుస్తుంది. బెంజీన్‌కు రెండో పక్క ఒకదానికొకటి అతుక్కున్న రెండు చిన్న వలయాలున్నాయి. ఒక్కోదానిలో నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉండే వీటిని ఫ్యూరాన్ తరహా వలయాలంటారు. ఇవి చెరి రెండు కొత్త కార్బన్లను కలుపుతాయి. బెంజీన్ మీద వేలాడే OCH₃ సమూహంలోని ఒక్క కార్బన్‌తో మొత్తం 17 అవుతుంది. ఆక్సిజన్లు ఆరు కనిపిస్తాయి.

ఇక బొమ్మలో రాయని హైడ్రోజన్లను లెక్కించాలి. బెంజీన్ వలయంలో ఏ సమూహమూ అతకని మూల ఒక్కటే ఉంది కనుక అక్కడ ఒకటి, కార్బన్ల ఐదు మూలల వలయంలో ఏకబంధాలతోనే ఉన్న రెండు మూలల్లో రెండేసి చొప్పున నాలుగు, రెండు ఫ్యూరాన్ వలయాలు పంచుకున్న మూలల్లో చెరొకటి, చివరి వలయంలో జంటగీత కలిపే రెండు మూలల్లో చెరొకటి, OCH₃లో మూడు. మొత్తం 12. అంటే అణుఫార్ములా C₁₇H₁₂O₆.

ఫొటో మసకగా ఉన్నప్పుడు ఈ లెక్క బాగా ఉపయోగపడుతుంది. చివరి వలయంలోని జంటగీత అలుక్కుపోయి ఒకే గీతలా కనిపిస్తే, ఆ రెండు మూలలకూ చెరొక హైడ్రోజన్ ఎక్కువై ఫార్ములా C₁₇H₁₄O₆గా తేలుతుంది. అది ఆఫ్లాటాక్సిన్ బి2 అనే వేరే పదార్థం. బొమ్మ కింద ముద్రించిన ఫార్ములాతో పోల్చి చూస్తే పొరపాటు వెంటనే బయటపడుతుంది. ఫ్యూరాన్ వలయాలు పంచుకున్న మూలల దగ్గర హైడ్రోజన్లు కాగితానికి ముందుకో వెనక్కో ఉన్నాయని చెప్పడానికి మందమైన త్రికోణపు గీతను, చిన్న చిన్న అడ్డగీతల వరుసను వాడతారు. వాటిని ద్విబంధాలనుకుంటే ఆ కార్బన్‌కు ఐదు బంధాలు వస్తాయి. కార్బన్‌కు ఐదు బంధాలు రావడమే బొమ్మను తప్పుగా చదివామనడానికి గుర్తు.

అణువు రసాయనికంగా ఎలా ప్రవర్తిస్తుందో నిర్ణయించే పరమాణువుల కూర్పును ప్రమేయ సమూహం అంటారు. ఈ బొమ్మలో కార్బన్‌కు ద్విబంధంతో అతుక్కున్న ఆక్సిజన్ రెండు చోట్ల కనిపిస్తుంది. చూడటానికి ఒకేలా ఉన్నా ఆ రెండూ ఒకటి కావు. ఐదు మూలల వలయంలో ఆ కార్బన్‌కు ఇరువైపులా కార్బన్లే ఉన్నాయి కాబట్టి అది కీటోన్. ఆరు మూలల వలయంలో మాత్రం ఆ కార్బన్‌కు ఒక పక్క ఇంకో ఆక్సిజన్ ఉంది కాబట్టి అది ఎస్టర్. వలయంలో ఇమిడిన ఎస్టర్‌ను లాక్టోన్ అంటారు. క్షారాల దెబ్బకు లాక్టోన్ వలయం తెగుతుంది. పశువుల దాణాకు వాడే పిండిని పీడనంలో అమ్మోనియాతో శుద్ధిచేసే పద్ధతికి ఆధారం ఇదే.

అయితే ఈ అణువును విషంగా మార్చే చోటు లాక్టోన్ కాదు, చివరి ఫ్యూరాన్ వలయంలోని జంటగీత. బి1 కాలేయానికి చేరినప్పుడు, బయటి పదార్థాలను వదిలించుకోవడానికి అక్కడున్న ఎంజైములు ఆ ద్విబంధం మీద ఒక ఆక్సిజన్‌ను చేరుస్తాయి. దాంతో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన మూడు మూలల వలయం ఏర్పడుతుంది. ఎపాక్సైడ్ అనే ఈ ఇరుకు వలయంలో బంధాలు బిగుసుకుపోయి ఉంటాయి కనుక అది సులువుగా తెగి, డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే భాగానికి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న చోట కణం తన డీఎన్‌ఏను నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి. అవి పేరుకుపోతే కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. బి2లో ఆ జంటగీత లేదు కాబట్టి నేరుగా ఎపాక్సైడ్ కావడానికి దానికి వీలుండదు. బి1తో పోలిస్తే దాని క్యాన్సర్ కారక శక్తి చాలా తక్కువ. రెండు హైడ్రోజన్ల తేడా ఇంత పని చేస్తుంది.

బొమ్మను ఇలా చదివిన విద్యార్థికి ఇంట్లో పనికివచ్చే విషయం కూడా ఒకటి ఉంది. ఒకదానితో ఒకటి అతుక్కున్న ఈ వలయాలు వేడికి సులువుగా చెదరవు. ఈ పదార్థం విచ్ఛిన్నం కావడానికి 260 డిగ్రీలకు మించిన వేడి కావాలి కనుక ఉడకబెట్టినా, వేయించినా విషం కొంత తగ్గవచ్చు గాని పూర్తిగా పోదు. పైగా పరిమితిని కిలోకు మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. నేరుగా తినే వేరుశనగలో మొత్తం ఆఫ్లాటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా సమాఖ్య నియమం. అంత తక్కువ మోతాదు కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. కాయలను బాగా ఎండబెట్టి నిల్వచేయాలి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి, పురుగు తొలిచినవి ఏరి పారేయాలి, పశువులకు కూడా వేయకూడదు.