ఏ గడి యంత్రానికి, ఏ గడి మనిషికి?

ఓ పల్లెలో పాల సేకరణ కేంద్రం. అక్కడ గుమస్తా చేత్తో రాసిన పాత రిజిస్టరు. పేజీకి ముప్పై వరుసలు, వరుసకు ఐదు గడులు: లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, లీటరు రేటు, మొత్తం డబ్బు. నలభై పేజీలంటే 6000 గడులు. ఒక్కో గడికి ఆరు సెకన్లు చొప్పున టైపు చేస్తూ పోతే పది గంటల పని. స్కాన్ చేసి యంత్రంతో చదివిస్తే కొన్ని నిమిషాలే. కాకపోతే అది ఒకటిని ఏడుగా, మూడును ఎనిమిదిగా చదివేస్తుంది.

అలా చదివేటప్పుడే యంత్రం ప్రతి అంకెకూ ఒక మార్కు వేసుకుంటుంది. దాన్నే కాన్ఫిడెన్స్ స్కోర్ అంటారు. స్కోరు బాగున్న గడులను అలాగే ఒప్పేసుకుని, తక్కువ వచ్చినవాటిని మనిషికి పంపితే పని తేలికవుతుంది. 2001 జనగణనలో మన దేశం చేతిరాత ఫారాలను స్కాన్ చేసి యంత్రాలతో చదివించింది. అప్పుడూ యంత్రానికి చిక్కని అక్షరాలు ఆపరేటర్ల తెర మీదికే వెళ్లాయి.

గడి స్కోరును లెక్కగట్టడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. ‘45.5’ అన్న గడిలో నాలుగు గుర్తులకు 99, 99, 98, 52 వచ్చాయనుకుందాం. సగటు చూస్తే 87, ఫరవాలేదనిపిస్తుంది. కానీ ఆఖరి అంకె ఐదో ఆరో యంత్రానికి తేలలేదు. ఒక్క అంకె తప్పినా గడి మొత్తం తప్పే కాబట్టి సగటును పక్కనపెట్టి, అన్నిటికంటే తక్కువ మార్కును గడి స్కోరుగా తీసుకోవాలి.

ఇక గీత ఎక్కడ గీయాలి? 90 స్కోరంటే నూటికి తొంభై సార్లు సరైనదని చాలామంది అనుకుంటారు. ఆ హామీ ఎవరూ ఇవ్వలేదు. ఇప్పటి న్యూరల్ నెట్‌వర్కులు తప్పు చెబుతూ కూడా 98 వేసుకోగలవు. స్కోరుకు మన రిజిస్టరులో ఎంత విలువుందో మనమే కొలుచుకోవాలి. అందుకు అన్ని పేజీల నుంచీ చీటీలు తీసినట్టు 600 గడులు ఏరి, యంత్రం చదివింది చూపకుండా ఒక మనిషి చేత టైపు చేయించి, రెంటినీ పోల్చాలి.

ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. 95, అంతకు మించి వచ్చిన గడులు 450, వాటిలో తప్పులు 2. 80కీ 95కీ మధ్య 90 గడులు, తప్పులు 7. 80కి లోపు 60 గడులు, తప్పులు 22. గీత 80 దగ్గర గీస్తే మొత్తం రిజిస్టరులో మనిషికి వెళ్లేవి 600 గడులు, అంటే గంట పని. కానీ ఒప్పేసుకున్న 5400 గడుల్లో సుమారు 90 తప్పులు దాగి ఉంటాయి. 95 దగ్గర గీస్తే 1500 గడులు చూడాలి, రెండున్నర గంటలు. మిగిలే తప్పులు సుమారు 20. గంటన్నర అదనపు పనికి 70 తప్పులు పోతాయి. ఇది రైతుల డబ్బు లెక్క కాబట్టి నేనైతే 95కే ఓటేస్తాను. అదే పాత జమానా సరదా లెక్కయితే 80 చాలు.

ఆ ఇరవై తప్పులను స్కోరు పట్టుకోలేదు. ‘6.5’లో చుక్క సిరా వెలిసిపోతే యంత్రం ‘65’ అని పూర్తి ధీమాతో చదువుతుంది. దాని కంటికి అక్కడ ఉన్నది అదే మరి. ఇక్కడ ఎక్కాలే దిక్కు: 65 లీటర్లను 40 రూపాయల రేటుతో గుణిస్తే 2600, పక్క గడిలో ఉన్నది 260. లెక్క కుదరని వరుసను, స్కోరు ఎంతున్నా, మొత్తంగా మనిషికి పంపాలి. ఖాళీ గడుల్నీ, ‘పైదే’ అని పెట్టే రెండు గీతల గుర్తునూ కూడా పంపడం మేలు. యంత్రం ఆ రెండు గీతలను 11 అని చదివి మంచి మార్కే వేసుకోవచ్చు.

మనిషి దగ్గరా ఒక చిక్కుంది. తెర మీద ముందే ‘8’ అని చూపించి సరేనా అని అడిగితే, వందో గడికల్లా వేలు దానంతటదే ఎంటర్ నొక్కేస్తుంది. బొమ్మ మాత్రమే చూపించి అంకె టైపు చేయమనాలి. గడి ఒక్కటే కత్తిరించి చూపితే ఆ గుమస్తా ఏడు ఎలా రాస్తాడో తెలియదు. కాబట్టి చుట్టుపక్కల వరుసలు కూడా కనిపించాలి.

గుమస్తా మారినా, స్కానర్ మారినా పాత గీత చెల్లదు, మళ్లీ ఏరి కొలవాల్సిందే. ఏమీ మారకపోయినా ఒప్పేసుకున్న గడుల్లోంచి అప్పుడప్పుడు కొన్ని తీసి చూస్తుండాలి. అలా తీసిన 300 గడుల్లో ఒక్క తప్పూ దొరకలేదంటే, మిగతావాటిలో తప్పులు నూటికి ఒకటి మించకపోవచ్చని మాత్రమే దాదాపు నమ్మకంగా చెప్పగలం. అసలే లేవని కాదు.