ఫొటోలో చీర కట్టాలంటే

జీన్స్, కుర్తీలో ఉన్న అమ్మాయి ఫొటోను బొమ్మలు గీసే ఏఐకి ఇచ్చి పట్టుచీర కట్టమంటే కడుతుంది. కానీ నడుం మీద పెట్టుకున్న చెయ్యి కిందికి జారుతుంది. ఒక పక్కకు ఒరిగిన తుంటి నిటారుగా అవుతుంది. కాస్త బొద్దుగా ఉన్న మనిషి సన్నబడుతుంది. ముఖం ఆమెదే, ఒళ్లు ఇంకెవరిదో.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ఆ బొమ్మ ఎలా పుడుతుందో చూడాలి. ఫొటోలో బట్టలున్న భాగం మీద ముందుగా బ్రష్‌తో పూత పూస్తాం. దాన్ని మాస్క్ అంటారు. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ ఆ పూత కింది భాగాన్ని రంగు చుక్కల గందరగోళంగా మార్చి, ఒక్కో అంచెలో కొంత తేటపరుస్తూ కొత్త బొమ్మ తెస్తుంది. పాత చిత్రాన్ని ఎంత చెరపాలో చెప్పే మీట పేరు Denoising strength. దాన్ని తక్కువగా పెడితే భంగిమ నిలుస్తుంది కానీ జీన్స్ నీలం చీరలోకి దిగుతుంది. ఎక్కువ పెడితే నీలం పోతుంది, దాంతోపాటు కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయన్న సమాచారం కూడా పోతుంది. అప్పుడు మోడల్ తనకు అలవాటైన ఒళ్లే గీస్తుంది. శిక్షణలో చూసిన చీర ఫొటోల్లో ఎక్కువమంది ఎలా నిలబడితే ఈమెనూ అలాగే నిలబెడుతుంది.

ఈ చిక్కుకు దారి చూపింది కంట్రోల్‌నెట్. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన ల్వ్‌మిన్ ఝాంగ్, ఆన్‌యీ రావ్, మనీష్ అగ్రవాలా 2023 ఫిబ్రవరిలో దీన్ని బయటపెట్టారు. మాటలతో పాటు ఒక మార్గదర్శక చిత్రాన్ని కూడా మోడల్‌కు ఇవ్వడం ఇందులోని కిటుకు. బట్టలు మార్చే పనిలో ఎక్కువగా వాడేవి రెండు: భంగిమ చిత్రం, లోతు చిత్రం.

భంగిమ చిత్రంలో మనిషి ఉండదు. ముక్కు, మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండలు, కళ్లు, చెవులు కలిపి 18 చుక్కలు, వాటిని కలిపే రంగు గీతలు మాత్రమే ఉంటాయి. వీటిని ఫొటో నుంచి గుర్తుపట్టే పనిముట్లలో అమెరికాలోని కార్నెగీ మెలన్‌లో తయారైన ఓపెన్‌పోజ్ ప్రసిద్ధం. లోతు చిత్రం నలుపు తెలుపుల్లో ఉంటుంది. కెమెరాకు దగ్గరగా ఉన్నది తెల్లగా, దూరం పోయేకొద్దీ నల్లగా కనిపిస్తుంది. భుజం గుండ్రన, చేతి మందం, ముందుకు పెట్టిన కాలు అన్నీ అందులో తెలుస్తాయి.

ఈ రెంటిలో ఏది వాడాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. భంగిమ చిత్రం వినాయకుడి బొమ్మకు మట్టి పెట్టేముందు కట్టే కర్రల చట్రం లాంటిది. చెయ్యి ఎటు ఉందో చెబుతుంది, బొజ్జ ఎంతో చెప్పదు. అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే భంగిమ నిలిచినా మనిషి సన్నబడుతుంది. మరి లోతు చిత్రం కొలతలు చెబుతుంది కదా, అదొక్కటే చాలదా అంటే, అది ఒంటిని కాదు, ఒంటి మీది బట్టల్ని కొలుస్తుంది. జీన్స్ వేసుకున్న ఫొటో నుంచి తీసిన లోతు చిత్రంలో రెండు కాళ్లు, మధ్యలో ఖాళీ ఉంటాయి. దాన్ని గట్టిగా పట్టిస్తే చీర ప్యాంటులా రెండుగా చీలిపోతుంది, లేదా కుచ్చిళ్లు ఉండాల్సిన చోట నిలువుగా నల్లటి గాడి పడుతుంది. చొక్కా తీసి టీషర్టు వెయ్యాలంటే లోతు చిత్రం బ్రహ్మాండం. బిగుతు బట్టల నుంచి వదులు బట్టలకు వెళ్లేటప్పుడే అది అడ్డుపడుతుంది.

మన ఫొటో సంగతే చూద్దాం. అమ్మాయి కుడిచెయ్యి నడుం మీద ఉంది, ఎడమచెయ్యి కిందికి వేలాడుతోంది, పాదాల మధ్య అడుగు దూరం. కుర్తీ చేతులు మోచేయి దాటి ఉన్నాయి.

మొదట మాస్క్. పాత బట్టలున్న మేరకే పూస్తే చాలదు, కొత్త బట్ట పట్టేంత పూయాలి. కాళ్ల మధ్య ఖాళీని, రెండు పక్కలా చీర విచ్చుకునే చోటును, ఎడమ భుజం మీద పైట పడే భాగాన్ని కూడా కలపాలి. జాకెట్టు చేతులు పొట్టిగా ఉంటాయి కనుక కుర్తీ చెయ్యి ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా పూయాలి, అక్కడ కొత్తగా చర్మం గీయాలి మరి. ముఖం, జుట్టు, చేతివేళ్లు మాత్రం పూత బయటే ఉండాలి. వేళ్లను మళ్లీ గీయమనడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

తర్వాత రెండు చిత్రాలూ తీసుకోవాలి. భంగిమ చిత్రాన్ని యథాతథంగా, పూర్తి బలంతో, చివరి అంచె దాకా ఉంచవచ్చు. లోతు చిత్రానికి మాత్రం కాస్త చేతిపని అవసరం. ఫొటోలు దిద్దే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా దాన్ని తెరిచి, నడుం పై భాగాన్ని ముట్టుకోకుండా, తొడల దగ్గరి బూడిదరంగునే తీసుకుని కాళ్ల మధ్య ఖాళీని నింపి, కిందికి వెళ్లేకొద్దీ కొంచెం వెడల్పు చెయ్యాలి. పైన ఆమె భుజాలు, చేతులు, నడుం కొలతలు మిగులుతాయి. కింద చీరకు చోటు దొరుకుతుంది.

అలా దిద్దిన లోతు చిత్రాన్ని కూడా సగం బలంతోనే వాడాలి. Control Weight దగ్గర 0.5, Ending Control Step దగ్గర 0.4 పెట్టి మొదలుపెట్టవచ్చు. మొత్తం 30 అంచెలైతే మొదటి 12 అంచెల్లో లోతు చిత్రం మాట చెల్లుతుంది, ఆపైన తప్పుకుంటుంది. ఆకారం మొదటి అంచెల్లోనే కుదురుకుంటుంది, మడతలు, అంచు, జరీ తర్వాత వస్తాయి కనుక ఈ సర్దుబాటు పనిచేస్తుంది. Denoising strength 0.9 దాకా పెంచినా ఇప్పుడు భయం లేదు. ఇవి శిలాశాసనాలు కావు. మోడల్ మారితే అంకెలూ మారతాయి. ఫొటో, రెండు మార్గదర్శక చిత్రాలు మాత్రం ఒకే నిష్పత్తిలో ఉండాలి, లేకపోతే చిత్రం సాగి భుజాలు వెడల్పవుతాయి.

ఫలితం బాగుందనిపించినంత మాత్రాన కుదిరినట్టు కాదు. పాత ఫొటో మీద కొత్తదాన్ని సగం పారదర్శకంగా పరిచి చూడండి. గడ్డం నుంచి భుజం చివరకు, అక్కడి నుంచి మోచేతికి ఉన్న దూరాలు రెండింట్లో ఒకటి కావాలి. ఫలితం నుంచి మళ్లీ భంగిమ చిత్రం తీసి పాతదానితో పోల్చడం ఇంకా నికార్సైన పరీక్ష. అయితే చీర కింద మోకాళ్లు కనిపించవు కాబట్టి అక్కడ పనిముట్టు ఊహించే చుక్కల్ని లెక్కలోకి తీసుకోకండి. భుజాలు, మోచేతులు, మణికట్లు చాలు. చీర అంచు ఒక చోట కత్తిరించినట్టు నిలువుగా ఆగిపోతే మాస్క్ చిన్నదయిందని అర్థం. పైట కుడి భుజం మీద పడితే అసలు సెల్ఫీయే అద్దంలోలా తిరగబడి ఉందేమో ఒకసారి చూడండి.

చీర నుంచి జీన్స్‌కు వెళ్లడం ఇంతకంటే కష్టం. చీర కింద కాళ్లు ఎక్కడున్నాయో ఫొటోలోనే లేదు, లోతు చిత్రంలో కనిపించేది గోపురం లాంటి ఆకారమే. అక్కడ మోకాళ్ల చుక్కల్ని చేత్తో జరిపి పెట్టుకోవాలి. వచ్చిన కాళ్లు ఆమెవి కావు, మన అంచనా మాత్రమే.

ఈ పద్ధతి భంగిమనీ కొలతల్నీ నిలుపుతుంది తప్ప ఫలానా చీరను తేదు. మాటలతో అడిగిన పట్టుచీర మోడల్ కల్పించినదే. దుకాణంలో ఉన్న చీర అంచు, బుటా అచ్చంగా రావాలంటే ఆ చీర ఫొటోను కూడా తీసుకునే ట్రై-ఆన్ మోడళ్లు వేరే ఉన్నాయి. వాటిలోనూ సన్నటి జరీ పని తరచూ చెదురుతుంది. అందుకని ఆన్‌లైన్‌లో మీ ఫొటో మీద కట్టి చూపించిన చీర నచ్చితే, డబ్బు కట్టేముందు పరిచి తీసిన అసలు చీర ఫొటో అడగండి.